తాళాలు అప్పజెప్పిన రోజు లెక్క



అద్దె ఇల్లు ఖాళీ చేసి, తాళాలు ఓనరుగారి చేతిలో పెట్టిన పది పదిహేను రోజులకు ఒక కాగితం వస్తుంది. ఈమధ్య చాలామందికి అది వాట్సాప్‌లో ఫోటోగానే వస్తోంది. పైన అడ్వాన్సు ఇంత అని ఉంటుంది. దాని కింద అద్దె బాకీ, మెయింటెనెన్సు, కరెంటు, రంగులు, రిపేర్లు, క్లీనింగు అంటూ వరసగా కోతలుంటాయి. అట్టడుగున మీకు రావలసింది ఇంత అని ఉంటుంది. మనం ముందు ఆ అట్టడుగు అంకెనే చూస్తాం. గుండె గుభేల్‌మంటుంది. ఓనరుగారికి ఫోన్ చేస్తాం, మాటామాటా పెరుగుతుంది, ఆఖరికి ఎంతో కొంతకు ఒప్పుకుని ఊరుకుంటాం. ఆ కాగితాన్ని వరస వరసగా చదివే పని మాత్రం ఎవరూ చేయరు.

మా అపార్ట్‌మెంటు సంఘంలో లెక్కలు నేను చూస్తుంటాను. అందువల్ల ఇలాంటి కాగితాలు అటు ఓనర్ల నుంచీ ఇటు అద్దెకున్నవాళ్ల నుంచీ నా దగ్గరికి వస్తుంటాయి. వాటిని చూసీ చూసీ నాకు ఒక పద్ధతి కుదిరింది. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది అదే. ఆ కాగితంలోని ప్రతి వరసనూ రెండు తేదీల పక్కన పెట్టి చూడాలి. ఒకటి మీరు ఇంట్లో దిగిన తేదీ. రెండోది తాళాలు అప్పజెప్పిన తేదీ. అద్దె, మెయింటెనెన్సు, కరెంటు లాంటి రోజుల లెక్కలన్నీ తాళాలిచ్చిన రోజుతో ఆగిపోవాలి. గోడలు, కుళాయిలు, బేసిన్ల లాంటి వస్తువుల లెక్కలన్నీ మీరు దిగిన రోజు అవి ఎలా ఉన్నాయో అక్కడి నుంచి మొదలవ్వాలి. ఈ రెండు తేదీల మధ్య ఇమడని ఖర్చు ఏదైనా సరే, ఆ కాగితంలోకి ఎలా వచ్చిందో అడగాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క కడదాం. వీలైతే కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

హైదరాబాదు కూకట్‌పల్లిలో ఒక కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. రెండు పడకగదుల ఫ్లాటు, అద్దె నెలకు 21 వేలు. మూడు నెలల అద్దె, అంటే 63 వేలు అడ్వాన్సు ఇచ్చారు. ఆ ఇంట్లో రెండేళ్ల ఏడు నెలలున్నారు. అగ్రిమెంటులో ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. మే 16న వాట్సాప్‌లో ఖాళీ చేస్తున్నామని రాశారు. ఓనరుగారు సరేనన్నారు. జూన్ 18 సాయంత్రం తాళాలిచ్చారు. జూన్ అద్దె కట్టకుండా అడ్వాన్సులో పట్టుకోమన్నారు. జూన్ నెలాఖరుకు ఓనరుగారి లెక్క వచ్చింది.

అందులో ఇలా ఉంది. జూన్ అద్దె 21 వేలు. జూన్ మెయింటెనెన్సు 2,500. కరెంటు బిల్లు 2,480. రంగులు 21 వేలు. రిపేర్లు 8,400. క్లీనింగు 3 వేలు. మార్చి నెల మెయింటెనెన్సు బాకీ 2,500. మొత్తం కోత 60,880. తిరిగి ఇచ్చేది 2,120 రూపాయలు.

ఆ ఓనరుగారు చెడ్డవారు కాదని ముందే చెప్పాలి. ఆయన దృష్టిలో ప్రతి వరసకూ ఒక కారణముంది. అందుకే కోప్పడటం పక్కన పెట్టి ఒక్కో వరసా పట్టుకుందాం.

మొదటిది జూన్ అద్దె. నెలలో అడుగు పెట్టారు కాబట్టి నెలంతా కట్టాలన్నది ఓనరుగారి వాదన. ఇక్కడ ముందు చూడాల్సింది అగ్రిమెంటు. నెల మధ్యలో ఖాళీ చేసినా పూర్తి నెల అద్దె ఇవ్వాలని కొన్ని అగ్రిమెంట్లలో రాసుంటుంది. నోటీసు నెలను ఒకటో తారీఖు నుంచే లెక్కపెట్టాలని ఇంకొన్నింటిలో ఉంటుంది. అలా రాసి, మీరు సంతకం పెట్టి ఉంటే ఆ 21 వేలకూ ఆధారముంది. వీళ్ల అగ్రిమెంటులో మాత్రం ఒక నెల నోటీసు అని మాత్రమే ఉంది. మే 16న నోటీసు ఇచ్చారు, జూన్ 18 దాకా ఉన్నారు. నోటీసు నెల నిండింది. కాబట్టి అద్దె 18 రోజులకే. జూన్‌కు 30 రోజులు. 21 వేలను 30తో భాగిస్తే రోజుకు 700. 18 రోజులకు 12,600.

రోజుల లెక్కలో రెండు చోట్ల తేడా వస్తుంది. నెలను 30 రోజులుగా తీసుకోవాలా, ఆ నెలలో నిజంగా ఉన్న రోజులతో భాగించాలా అన్నది ఒకటి. జూన్‌లో రెండూ ఒకటే. జులైలో అయితే 31తో భాగిస్తే రోజు అద్దె కాస్త తగ్గుతుంది. ఏ పద్ధతి పట్టినా ఫరవాలేదు, అద్దెకూ మెయింటెనెన్సుకూ ఒకటే పద్ధతి ఉండాలి. రెండోది తాళాలిచ్చిన రోజును కలపాలా వద్దా అన్నది. సాయంత్రం దాకా ఇల్లు మీ చేతిలోనే ఉంటే ఆ రోజు మీదే. ఆ ఒక్క రోజు కోసం పేచీ పెట్టుకోకండి.

ఇంకో సంగతి గమనించండి. ఓనరుగారి రంగుల బిల్లు చూస్తే పనివాళ్లు జూన్ 20న ఇంట్లోకి వచ్చినట్టుంది. అంటే 20 నాటికి ఆ ఇల్లు ఆయన చేతిలోకి వెళ్లిపోయింది. ఒక వరసలో ఇల్లు నెలాఖరుదాకా మీదేనంటూ, ఇంకో వరసలో 20వ తేదీనే పని మొదలుపెట్టామనడం కుదరదు. కాగితంలోని ఒక వరసను ఇంకో వరస పక్కన పెట్టి చదివితే ఇలాంటివి బయటపడతాయి.

జూన్ మెయింటెనెన్సుకూ ఇదే లెక్క. 2,500లో 18 రోజుల వాటా 1,500.

ఇప్పుడు కరెంటు బిల్లు. చాలామంది దీన్ని కూడా రోజుల లెక్కన పంచుతారు. మీటరు ఉన్నచోట రోజుల లెక్క అక్కర్లేదు, రీడింగు చాలు. ఈ కుటుంబం ఒక మంచి పని చేసింది. తాళాలిచ్చే ముందు మీటరుకు ఫోటో తీసి, అక్కడికక్కడే ఓనరుగారికి పంపింది. మే 24న బిల్లు వచ్చినప్పటి రీడింగు 8,412. జూన్ 18 ఫోటోలో 8,598. అంటే వీళ్లు వాడింది 186 యూనిట్లు. జూన్ 24న బిల్లు తీసేవేళకు రీడింగు 8,626. మొత్తం 214 యూనిట్లు. మధ్యలో ఉన్న 28 యూనిట్లు రంగుల పనివాళ్లు ఫ్యాన్లు, లైట్లు వేసుకున్న తర్వాతి లెక్క.

28 యూనిట్లకు ఎంతవుతుందిలే అనిపిస్తుంది. ఇక్కడ తెలంగాణ టారిఫ్ సంగతి తెలియాలి. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం ఇళ్లలో నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే, మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. తొలి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు.

ఇప్పుడు లెక్క కట్టండి. 186 యూనిట్లకైతే దాదాపు 753 రూపాయలు. 214 యూనిట్లకు దాదాపు 1,128. తేడా 375 రూపాయలు. వీళ్లు వెళ్లిపోయాక కాలిన 28 యూనిట్లు ఇంటి బిల్లు మొత్తాన్నీ పై స్లాబులోకి తోసేశాయి. బిల్లును 186కూ 214కూ ఉన్న నిష్పత్తిలో పంచినా వీళ్లకు అన్యాయమే, ఎందుకంటే ఆ పై రేటు వీళ్ల వాడకం వల్ల వచ్చింది కాదు. 186 యూనిట్ల దగ్గరే బిల్లు ఆగి ఉంటే ఎంతయ్యేదో అంతే వీళ్లది. ఇతర చిన్న చార్జీలు కలుపుకుని అది సుమారు 885 రూపాయలు.

అయినా బిల్లు 2,480 ఎలా అయింది? వాడకం, చార్జీలు కలిపి 1,270. మిగతా 1,210 రూపాయల ఎదుట ఏసీడీ అని రాసుంది. కరెంటు కంపెనీ వినియోగదారుల దగ్గర అట్టిపెట్టుకునే డిపాజిట్టు అది. దాదాపు రెండు నెలల బిల్లుకు సమానంగా ఉంచుతారు. వాడకం పెరిగితే ఆ డిపాజిట్టు చాలదని, తక్కువపడిన మొత్తాన్ని బిల్లులో కలిపి అడుగుతారు. ఆ డబ్బు సర్వీసు నంబరు ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలో ఉంటుంది. దానిమీద వచ్చే వడ్డీ కూడా ఆ సర్వీసు నంబరుకే జమవుతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లకు అందులో ఒక్క పైసా తిరిగిరాదు. అందువల్ల అది ఓనరుగారే పెట్టుకోవాల్సిన డబ్బు. మీరు ఉన్న కాలంలో ఏసీడీ ఎప్పుడైనా కట్టి ఉంటే ఆ బిల్లు వెతికి తీయండి. దాన్ని తిరిగి అడగడానికి ఆఖరి అవకాశం ఈ లెక్క తేలేటప్పుడే.

ఇక రంగులు. అన్నిటికంటే పెద్ద గొడవ ఇక్కడే జరుగుతుంది.

ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాదులో చాలాచోట్ల ఆనవాయితీ అయిపోయింది. ఆనవాయితీ వేరు, ఒప్పందం వేరు. అగ్రిమెంటులో రంగులకు ఒక నెల అద్దె మినహాయిస్తామని స్పష్టంగా ఉంటే, మీరు గోడమీద మేకు కూడా కొట్టకపోయినా ఆ కోత తప్పించుకోవడం కష్టం. సంతకం పెట్టేటప్పుడే దానిమీద మాట్లాడుకోవాలి. వీళ్ల అగ్రిమెంటులో గోడలు పాడైతే అయిన ఖర్చు అద్దెదారు భరించాలని ఉంది. అందులో రెండు షరతులున్నాయి. గోడ పాడై ఉండాలి. ఖర్చు నిజంగా అయి ఉండాలి.

పాడవడం అంటే ఏమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను దీని గురించి చెబుతుంది. అద్దెకున్నవారు ఇంటిని తాము తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పజెప్పాలి, అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను మినహాయించాలి. ఈ మినహాయింపే మన కాగితానికి ప్రాణం. కిటికీ ఎండకు రంగు వెలిసింది, సోఫా వెనక గోడ కాస్త మాసింది, క్యాలెండరు తీసేసిన చోట మచ్చ ఏర్పడింది. ఇవి మామూలు అరుగుదల. పిల్లలు క్రేయాన్లతో గీసిన బొమ్మలు, అడ్డదిడ్డంగా కొట్టిన డ్రిల్లు రంధ్రాలు, స్టిక్కర్లు పీకేస్తే ఊడొచ్చిన పెచ్చులు పాడుచేయడం కిందికే వస్తాయి.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఈ విషయంలో ఒక గీత గీసింది. దాని రెండో షెడ్యూలులో ఏ రిపేరు ఎవరిదో జాబితా ఉంది. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగులు, అవసరమైనప్పుడు పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరు వైపు పెట్టారు. కుళాయిలు, వాష్‌బేసిన్, గీజరు, స్విచ్చులు, తాళాలు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెదారు వైపు పెట్టారు. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని కూడా అందులో ఉంది. ఇది నమూనా చట్టం మాత్రమే. రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప అమలు కాదు. కాబట్టి దీన్ని చూపించి ఓనరుగారిని భయపెట్టాలని చూడకండి. అగ్రిమెంటు ఏమీ చెప్పని చోట, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, న్యాయమైన కొలబద్దగా మాత్రం బాగా పనికొస్తుంది.

వీళ్ల ఇంటికి వద్దాం. బిల్లు అడిగితే ఓనరుగారు పంపారు. 2,100 చదరపు అడుగుల గోడలకు, అడుగుకు 10 రూపాయల చొప్పున 21 వేలు. ఇల్లంతా వేయించారు. దిగిన రోజు తీసిన వీడియో, తాళాలిచ్చే రోజు తీసిన వీడియో రెండూ పక్కపక్కన పెట్టి గదిగది చూశారు. హాలు, పెద్ద పడకగది, వంటగది గోడలు వెలిశాయి గానీ పాడవలేదు. పిల్లల గది మాత్రం నిజంగానే పాడైంది. నాలుగు గోడలమీదా క్రేయాను గీతలు, స్టిక్కర్లు పీకిన చోట పెచ్చులు. ఆ గది 10 అడుగులకు 11 అడుగులు. చుట్టుకొలత 42 అడుగులు, ఎత్తు 10 అడుగులు, అంటే 420 చదరపు అడుగులు. అడుగుకు 10 చొప్పున 4,200 రూపాయలు.

ఇందులో ఇంకో మెట్టుంది. ఆ రంగు వీళ్లు దిగేముందే వేయించింది. వీళ్లున్నది 31 నెలలు. లోపలి గోడల రంగు ఐదేళ్లు, అంటే 60 నెలలు నిలుస్తుందనుకుంటే, అందులో 31 నెలలు ఎలాగూ వాడకంలో అయిపోయాయి. ఓనరుగారు నష్టపోయింది మిగిలిన 29 నెలల విలువ. 4,200ను 60తో భాగించి 29తో హెచ్చవేస్తే 2,030 రూపాయలు. పాతదాని స్థానంలో కొత్తది వచ్చినప్పుడు, కొత్తదనం ఖరీదు వెళ్లిపోయినవాళ్ల నెత్తిన పడకూడదన్నది ఇందులోని సూత్రం. ఐదేళ్లన్నది చట్టంలో రాసిన అంకె కాదు, మాట్లాడుకుని ఒప్పుకోవాల్సిన అంచనా. ఓనరుగారు నాలుగేళ్లంటే కోత ఇంకా తగ్గుతుంది, ఏడేళ్లంటే పెరుగుతుంది.

తర్వాత రిపేర్లు, 8,400. కాగితంమీద ఒకటే మాట, ఒకటే అంకె. ఇలా గంపగుత్తగా రాసిన వరసను చూడగానే విడదీసి చెప్పమని అడగాలి. అడిగితే నాలుగు ముక్కలు బయటికొచ్చాయి. పగిలిన వాష్‌బేసిన్ మార్చినందుకు 3,600. బాత్రూం కుళాయిలు రెంటికి 1,400. గీజరు రిపేరుకు 1,600. బాత్రూం గోడలోపలి పైపు లీకుకు 1,800.

గోడలోపలి పైపు అద్దెకున్నవాళ్ల చేతికి అందేది కాదు. వాళ్లు పాడుచేసిందీ కాదు. రోజువారీ చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్ద రిపేర్లు ఓనరువి అని అగ్రిమెంటులో ఉంది. ఆ 1,800 ఓనరుగారిది. పైగా లీకు గురించి వీళ్లు ఫిబ్రవరిలోనే వాట్సాప్‌లో చెప్పారు. గోడ చెమ్మగిల్లిన ఫోటో కూడా పంపారు. అలా చెప్పకుండా నెలల తరబడి ఊరుకుని ఉంటే, ఆ నిర్లక్ష్యంవల్ల పెరిగిన నష్టానికి వీళ్లనూ అడగొచ్చు. లీకు కనిపించిన రోజే రాతపూర్వకంగా చెప్పమనేది అందుకే. కుళాయిలు, గీజరు రోజూ వాడిన వస్తువులు, చిన్న రిపేర్లు. ఆ మూడు వేలూ ఒప్పుకోవడమే మర్యాద.

వాష్‌బేసిన్‌మీద ఒక గాజు సీసా పడి పగిలింది. అది వీళ్లవల్లే జరిగింది. ఇందులో వాదన లేదు. అయితే బిల్లులో ఉన్న మోడలు పాతదానికంటే పెద్దది, కింద స్తంభంతో వచ్చేది. పాత రకం బేసిన్‌కు బిగింపు కూలీతో కలిపి 2,400 అవుతుందని అదే దుకాణంలో కనుక్కున్నారు. ఓనరుగారు ఇంకా మంచిది పెట్టుకోవచ్చు, ఆ తేడా 1,200 ఆయన సరదా. వీళ్లది 2,400. రంగుకు వేసినట్టు దీనికి నెలల అరుగుదల లెక్క వేయలేదు. పింగాణీ బేసిన్ రంగులా వెలిసిపోయేది కాదు, పగలకపోతే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అరుగుదల లెక్క అరిగే వస్తువులకే వేయాలి. అన్నిటికీ వేస్తే మన మాటమీద నమ్మకం పోతుంది. మొత్తం రిపేర్లలో వీళ్ల వాటా 5,400.

క్లీనింగు 3 వేలు. బిల్లుమీద తేదీ చూస్తే జూన్ 27. రంగులవాళ్లు 20న వచ్చి 26న వెళ్లారు. ఆ మర్నాడు ఇల్లు కడిగించారు. నేలమీద పడిన రంగు చుక్కలు, గోడలు గీకిన దుమ్ము కడిగించిన ఖర్చు అది. వీళ్లు 18న ఊడ్చి, తుడిచి, వంటగది గట్టు కడిగి ఇచ్చినట్టు వీడియో ఉంది. తాళాలిచ్చిన తేదీ దాటాక, ఇంకొకరి పనివల్ల వచ్చిన మురికి వీళ్ల ఖాతాలోకి రాదు. మురికిగా వదిలేసి వెళ్లి ఉంటే కథ వేరే. బిల్లు ఎంత అన్నదానికంటే దానిమీద ఏ తేదీ ఉందన్నది ఇక్కడ తేల్చేసింది.

ఇక మార్చి మెయింటెనెన్సు బాకీ, 2,500. ఇది ఓనరుగారు కల్పించింది కాదు. సంఘం లెక్కల పుస్తకంలో ఆ ఫ్లాటు ఎదుట మార్చి బాకీ అని నిజంగానే ఉంది. వీళ్లు మార్చి 6న యూపీఐలో కట్టారు. రసీదులో యూటీఆర్ నంబరు ఉంది. ఆ నంబరు పట్టుకుని బ్యాంకు స్టేట్‌మెంటులో చూస్తే డబ్బు సంఘానికి చేరింది. కాకపోతే 304 బదులు 403 ఫ్లాటు ఖాతాలో జమ చేశారు. ఇలాంటి పొరపాటు ఓనరుగారితో వాదిస్తే తేలదు. సంఘం కార్యదర్శి దగ్గరికి యూటీఆర్ నంబరుతో వెళ్లి, సరిచేయించి, బాకీ లేదని కాగితం తీసుకోవాలి. ఖాళీ చేసే వారం ముందే ఆ కాగితం తెచ్చుకుంటే ఈ వరస పుట్టేదే కాదు.

సంఘం లెక్కలు చూసేవాడిగా ఒక మాట. అపార్ట్‌మెంటుల్లో నెలవారీ మెయింటెనెన్సుతో పాటు అప్పుడప్పుడు వేరే వసూళ్లుంటాయి. లిఫ్టు మార్చడానికో, బయటి గోడల రంగుకో, కార్పస్ ఫండుకో వసూలు చేసినవి ఆస్తి విలువ పెంచేవి. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే తప్ప అవి ఓనరువి. ఎండాకాలంలో తెప్పించిన నీళ్ల ట్యాంకర్లకు వేసిన వాటా మాత్రం ఆ నీళ్లు వాడుకున్నవాళ్లదే. ఈ ఇంటికి ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ల వాటా 600 రూపాయలు బాకీ ఉంది. ఓనరుగారు అది రాయడం మరిచిపోయారు. ఆ కుటుంబం తమ జవాబులో తామే రాసింది. నేను వాళ్లకు అలాగే రాయమని చెప్పాను. మనకు అనుకూలంగా జరిగిన పొరపాటును దాచుకుని, ఎదుటివారి పొరపాట్లు మాత్రం ఎత్తి చూపితే అది తనిఖీ అనిపించుకోదు.

ఇప్పుడు కూడుదాం. అద్దె 12,600. మెయింటెనెన్సు 1,500. కరెంటు 885. రంగు 2,030. రిపేర్లు 5,400. ట్యాంకర్లు 600. మొత్తం 23,015. అడ్వాన్సు 63 వేలలోంచి తీసేస్తే 39,985 రూపాయలు రావాలి. కాగితంలో ఉన్నది 2,120.

ఈ లెక్కను ఓనరుగారికి ఎలా పంపాలన్నది కూడా ముఖ్యమే. ఫోనులో ఇదంతా చెప్పాలని చూడకండి. ఒక పేజీమీద ఆయన వరసలన్నీ ఆయన రాసిన క్రమంలోనే రాయండి. ప్రతిదానికీ ఆయన అంకె, మీ అంకె, ఎందుకన్నది ఒక్క వాక్యం, దానికి ఆధారమైన కాగితం పేరు రాయండి. ఒప్పుకున్నవాటి పక్కన ఒప్పుకుంటున్నామని స్పష్టంగా రాయండి. చివర ఒక మాట తప్పక చేర్చండి. పేచీ ఉన్న వరసలు తేలేలోగా, పేచీ లేని మొత్తాన్ని ఫలానా తేదీలోగా ఈ ఖాతాకు పంపండని అడగండి. లేకపోతే 4 వేల రంగు గొడవ తేలేదాకా 30 వేలు ఆగిపోతాయి. పూర్తి చెల్లింపు ముట్టిందని రాసిన కాగితంమీద డబ్బు చేతికి రాకముందే సంతకం పెట్టకండి.

ఈ కుటుంబం అలాగే రాసింది. ఓనరుగారు అద్దె, మెయింటెనెన్సు, కరెంటు, పైపు లీకు, క్లీనింగు వరసలు మార్చారు. మార్చి బాకీ సంఘం సరిచేసింది. బేసిన్ దగ్గర కాస్త సణిగి ఒప్పుకున్నారు. రంగు దగ్గర మాత్రం అరుగుదల లెక్కకు ససేమిరా అన్నారు. పిల్లల గది ఖర్చు మొత్తం ఇవ్వాల్సిందేనన్నారు. తేడా 2,170 రూపాయలు. దానికోసం తిరిగే తిరుగుడు, పోయే మనశ్శాంతి లెక్కేసుకుని వీళ్లు 4,200కే ఒప్పుకున్నారు. చివరికి చేతికొచ్చింది 37,815. ఏ వరస ఎందుకు వదులుకున్నామో తెలిసి వదులుకోవడానికీ, ఎంతో కొంత ఇస్తే చాలనుకోవడానికీ చాలా తేడా ఉంది.

రాతపూర్వకంగా అడిగినా జవాబే రాకపోతే? జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే రాజీ ప్రయత్నానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. అక్కడా తేలకపోతే లాయరు నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. డబ్బు రాబట్టుకునే దావాకు సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది. చూద్దాం చూద్దాం అంటూ ఆ గడువు దాటనివ్వకండి. అయితే ఏ దారిన వెళ్లినా అక్కడ అడిగేవి ఆ కాగితాలే. అగ్రిమెంటు, అడ్వాన్సు కట్టిన రుజువు, నోటీసు మెసేజి, రెండు వీడియోలు, మీటరు ఫోటో, రసీదులు. ఇవి లేకుండా ఎంత న్యాయమైన లెక్కయినా మీ మాట, ఆయన మాట అన్న దగ్గరే ఆగిపోతుంది.

ఓనర్లు కూడా ఈ ప్రసంగం వింటుంటారు. వారికీ ఒక మాట. ప్రతి కోత పక్కన బిల్లు పెట్టి, తేదీ వేసి, గంపగుత్త అంకెలు రాయకుండా పంపితే సగం గొడవలు పుట్టవు. నిజంగా పాడుచేసి వెళ్లినవాళ్ల దగ్గర మీకు రావలసింది నిలబెట్టుకోవడానికీ అదే దారి.

అద్దెకుంటున్న శ్రోతల్లో ఈ నెలో వచ్చే నెలో ఖాళీ చేయబోతున్నవాళ్లు ఉంటే, ఇవాళ రాత్రే మీ అగ్రిమెంటు తీసి మూడు వాక్యాలు వెతకండి. నోటీసు గురించి ఏముంది, నెల మధ్యలో ఖాళీ చేస్తే అద్దె గురించి ఏముంది, రంగుల గురించి ఏముంది. మీకు రాబోయే కాగితంలో పెద్ద అంకెలు ఈ మూడు వాక్యాల మీదే నిలబడతాయి. అవి ఏం చెబుతున్నాయో తాళాలిచ్చే ముందే తెలిస్తే, నోటీసు ఏ తేదీన ఇవ్వాలో, ఏ గోడకు మీరే రంగు వేయించుకుంటే చౌకో ముందే నిర్ణయించుకోవచ్చు.